వాట్సాప్ ఫొటోలో ఏసీని గుర్తుపట్టే ఫైలు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 3

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి. మాది గుంటూరులో చిన్న ఏసీ సర్వీసింగ్ షాపు. ఫోన్లు మా చెల్లెలు తీస్తుంది, పనికి నేనో ఐటీఐ అయిపోయి వచ్చిన కుర్రాడో వెళ్తాం. నిన్న మధ్యాహ్నం ఒక క్లినిక్ నుంచి ఫోన్. "స్ప్లిట్ ఏసీ లోంచి నీళ్లు కారుతున్నాయి, పేషెంట్ల మీద పడుతున్నాయి." ఫొటో పంపమంది చెల్లి. వచ్చింది. తెల్లటి పొడుగాటి పలక, దాని అంచున ఒకే ఒక్క గాలి రెక్క. స్ప్లిట్ అని రాసుకుంది. కుర్రాడు జెట్ పంపు, నీళ్ల సంచి, నాలుగడుగుల నిచ్చెన బండికి కట్టుకుని పోయాడు.

అక్కడికెళ్లి చూస్తే అది గోడకు లేదు, సీలింగులో ఉంది. ఒక వైపు మాత్రమే గాలి వదిలే క్యాసెట్. దాన్ని ముట్టుకోవాలంటే ఎనిమిదడుగుల నిచ్చెన కావాలి. నీళ్లు కారడానికి కారణం కూడా దాదాపుగా స్ప్లిట్‌లో ఉండేది కాదు. ట్రిప్పు దండగ, క్లినిక్ వాళ్ల చేత మాట పడటం అదనం.

రాత్రి ఆ ఫొటో మళ్లీ తెరిచి చూశాను. జవాబు అందులోనే ఉంది. పలకకు నాలుగు పక్కలా సీలింగ్ టైల్స్ గీతలు, పక్కనే చతురస్రపు లైటు. గోడ స్ప్లిట్ అయితే పైన జానెడు ఖాళీ, ఆ పైన సీలింగు కనపడాలి. మా చెల్లి తప్పేం లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదేళ్లుగా చూస్తున్న నాకు కళ్లకు ఆనుతుంది కానీ ఏం చూసి చెబుతున్నానో నేనే ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. ఇప్పుడు పెడతాను. ఫొటోలతో ఒక ఫైలు, ప్రింటు తీసి ఫోను పక్కన ఉంచాలి. ఫొటో చూసి ఏ రకం ఏసీనో, కనపడుతున్న భాగం ఏదో చెప్పగలగాలి. రోగం ఏమిటో కనిపెట్టడం దీని పని కాదు.

ఏప్రిల్ 6

మూడు ఫోన్లలోంచి ఏసీ ఫొటోలన్నీ తీశాం. ఆరు వందల పైచిలుకు. సగం ఒకే ఏసీని మూడు సార్లు తీసినవి, ఇంకొన్ని వేలు అడ్డం పడ్డవి, చీకట్లో తీసినవి. ఏరగా ఏరగా 187 మిగిలాయి. ఆ మసక ఫొటోలు పారేశాక మనసు పీకింది. కస్టమర్లు పంపేవి మాత్రం మసకగానే ఉంటాయి కదా. అందుకని ఓ ముప్పై చెడ్డ ఫొటోలు వెనక్కి తెచ్చి వేరే కవరులో పెట్టాను, పరీక్షకు పనికొస్తాయని.

పేర్లు పెట్టడంలో ఒక పద్ధతి కావాలనిపించి ఇలా మొదలుపెట్టాం:

```
split_in_filter_03.jpg
split_out_valve_07.jpg
window_back_02.jpg
cassette_panel_05.jpg
```

మొదటి మాట రకం, రెండోది ఎక్కడి భాగం. ఇలా పెట్టగానే ఒక లోటు బయటపడింది. 187లో 120 దాకా స్ప్లిట్లే. విండో 38, క్యాసెట్ 21, మిగతావి సీలింగు పైన దాక్కుని జాలీలోంచి గాలి వదిలే డక్టబుల్, నేల మీద నిలబెట్టే టవర్. ఇది మా ఊరి మార్కెట్ లెక్క కాదు, మేం ఫొటో తీసే అలవాటు లెక్క. విండో ఏసీ రిపేరుకు ఎవరూ ఫొటో పంపరు, "బండి తెచ్చి తీసుకుపోండి" అంటారు.

ఏప్రిల్ 9

కుర్రాడిని కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా యాభై ఫొటోలు రకాల వారీగా పేర్చమన్నాను. వాడు ముందు పలక ఆకారాన్ని బట్టి పేర్చాడు. పొడుగ్గా ఉంటే స్ప్లిట్, పెట్టెలా ఉంటే విండో, చదరంగా ఉంటే క్యాసెట్. చాలావరకు సరిపోయింది కూడా. తప్పిన వాటిలో ఒకటి చూసి నవ్వొచ్చింది. బట్టల షాపు గుమ్మం మీద ఉన్న ఎయిర్ కర్టెన్‌ను స్ప్లిట్ కుప్పలో వేశాడు. నిజానికి అది ఏసీయే కాదు. లోపల కాయిల్ లేదు, గ్యాస్ లేదు, గుమ్మంలోంచి వేడిగాలీ దుమ్మూ రాకుండా కిందికి గాలి కొట్టే ఫ్యాను. కానీ తెల్లగా, పొడుగ్గా, గోడకు బిగించి ఉంటుంది. ఆకారాన్ని నమ్ముకుంటే ఎవరైనా బోల్తా పడతారు.

మరి నేనెలా చెప్పగలిగాను? ఆలోచిస్తే నా చూపు ముందు పలక మీదికి పోలేదు. కుడి పక్కన టేపు చుట్టిన పైపుల కట్ట ఉందా అని చూశాను. లేదు. ఒక కరెంటు వైరు మాత్రం ఉంది. పైపుల కట్ట లేని స్ప్లిట్ ఉండదు. కొన్నిట్లో వెనక నుంచి గోడలోకి పోయి కనపడదు, అది నిజమే. అప్పుడు ఎక్కడ బిగించారో చూడాలి. సరిగ్గా గుమ్మం నెత్తిన, గుమ్మం వెడల్పుకు సమానంగా ఉంటే అది కర్టెనే.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని మూడు ప్రశ్నలు తేల్చాం. వీటి వరస ముఖ్యం.

మొదటిది, చుట్టూ ఏముంది? గోడా, కిటికీ చట్రమా, సీలింగా? రెండోది, గాలి ఎక్కడ నుంచి లోపలికి పోతోంది, ఎక్కడ నుంచి బయటికి వస్తోంది? గోడ స్ప్లిట్‌లో నెత్తి మీద జాలీ ఉంటుంది, గాలి పైనుంచి పోయి కింద చీలికలోంచి వస్తుంది. విండోలో రెండూ ముందు మొహం మీదే. చల్లగాలి వదిలే రెక్కలు ఒక భాగం, మిగతాదంతా గాలి పీల్చే జాలీ. నాలుగు వైపుల క్యాసెట్‌లో మధ్య జాలీ పీలుస్తుంది, నాలుగు అంచులూ వదులుతాయి. మూడోది, పైపులో వైరో, వెనక నుంచి ఏం పోతోంది?

ఆకారం ఈ ప్రశ్నల్లో లేదు. కావాలనే తీసేశాం.

ఏప్రిల్ 13

విండో పేజీలు. ముందు నుంచి తీసిన ఫొటోతో ఇబ్బంది లేదు. తికమకంతా ఇంటి బయట నుంచి తీసిన వాటితోనే. కిటికీ గ్రిల్ మీద స్ప్లిట్ ఔట్‌డోర్ పెట్టి ఉంటే అది విండో ఏసీ వెనక భాగంలా కనపడుతుంది. పక్కపక్కన ప్రింటు తీస్తే తేడా తేలిగ్గా తెలిసింది. ఔట్‌డోర్ ముందు గుండ్రటి ఫ్యాన్ జాలీ ఉంటుంది. విండో వీపు మీద గుండ్రటిది ఏదీ ఉండదు, వీపంతా కాయిల్ రేకులే, రెండు పక్కలా గాలి పోయే చీలికలు. కూలర్‌తో కూడా పొరపడతారు కానీ కూలర్‌కు మూడు పక్కలా గడ్డి ప్యాడ్లు ఉంటాయి, కింద నీళ్ల తొట్టి ఉంటుంది.

షాపు వెనక ఒక పాత విండో పడి ఉంటే కవరు లాగి ఫొటోలు తీశాం. కుర్రాడికి ఇదే మంచి పాఠమైంది, ఎందుకంటే అన్ని భాగాలూ ఒకే రేకు మీద ఒకే ఫొటోలో పడతాయి. గది వైపు చల్లని కాయిల్, వీధి వైపు వేడి కాయిల్, మధ్యలో అడ్డు. వీధి వైపు మూలన నల్లటి గుండు చెంబులా కంప్రెసర్. మధ్యలో ఒకే మోటారు, దాని ఇరుసు రెండు పక్కలకూ పొడుచుకొచ్చి ఉంటుంది. గది వైపు కొసకు ఉడుత చక్రంలాంటి బ్లోయర్, వీధి వైపు కొసకు రెక్కల ఫ్యాను. రెక్కల చివర్లన్నీ కలుపుతూ ఒక వలయం ఉంది, చాలామంది దాన్ని బలం కోసం పెట్టారనుకుంటారు. అది నీళ్లు చిమ్మే వలయం. చల్లని కాయిల్ నుంచి కారిన నీళ్లు వెనక్కి పోయి కింద రేకులో నిలుస్తాయి. ఆ వలయం ఆ నీళ్లను ఎత్తి వేడి కాయిల్ మీద చల్లుతుంది. వానాకాలంలో "లోపల చిటపట శబ్దం" అని ఫోను వస్తే సగం సార్లు ఇదే. ఈ వాక్యం ఫైలులో ఆ ఫొటో కిందే రాయించాను, ఒక ట్రిప్పు మిగులుతుంది.

ఏప్రిల్ 17

ఇవాళ క్యాసెట్. ఉన్న 21 ఫొటోలూ మళ్లీ చూస్తుంటే అనుకోకుండా ఒక కొలబద్ద దొరికింది. సీలింగ్ టైల్! మన దగ్గర ఫాల్స్ సీలింగ్ టైల్స్ ఎక్కువగా రెండడుగుల చదరం, అంటే 60 సెంటీమీటర్లు. క్యాసెట్ ఎక్కువగా టైల్స్ మధ్యే ఉంటుంది కాబట్టి ఫొటోలో స్కేలు పెట్టినట్టే. పలక ఒక టైల్‌ను మూసి అంచులు కాస్త పక్కకు వచ్చాయా, చిన్న క్యాసెట్. ఒకటిన్నర టైల్ దాకా, అంటే 95 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉందా, పెద్ద క్యాసెట్. పెద్దవి సాధారణంగా రెండు టన్నులు, ఆ పైన. ఎంత టన్నో కచ్చితంగా చెప్పదు కానీ ఇద్దరు పోవాలా ఒక్కడు చాలా అన్నది చెబుతుంది. జిప్సం సీలింగ్ అయితే టైల్ గీతలుండవు, ఈ కిటుకు పనిచెయ్యదు.

మా చెల్లి అడిగింది, "స్ప్లిట్‌లో నీళ్లు కారితే పైపు మూసుకుపోయిందంటావు. దీనికి మాత్రం వేరే అంటావేంటి?"

ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. స్ప్లిట్ గోడకు ఎత్తులో ఉంటుంది. నీళ్లు దానంతటవే పల్లానికి పోతాయి, పైపు వాలు సరిగ్గా ఉంటే చాలు. క్యాసెట్ సీలింగులో ఇరుక్కుని ఉంటుంది, నీళ్లు నిలిచే ట్రే దాని అడుగున ఉంటుంది, బయటికి పోయే పైపు దానికన్నా ఎత్తులో ఉంటుంది. అందుకే లోపల చిన్న పంపు పెడతారు, అది నీళ్లను పైకెత్తి పైపులో పోస్తుంది. పక్కనే ఒక తేలే స్విచ్. పంపు చెడిపోయి నీళ్లు పెరిగితే ఆ స్విచ్ లేచి కూలింగ్ ఆపేస్తుంది. కాబట్టి క్యాసెట్‌లో నీళ్లు కారుతూ, కాసేపటికి దానంతటదే ఆగి లైటు మిణుకుమంటుంటే ముందు పంపునే అనుమానించాలి. స్ప్లిట్ మీద ఈ అనుమానమే రాదు, మామూలు గోడ స్ప్లిట్‌లో పంపే ఉండదు.

ఫొటోలో పంపు కనపడదు. కానీ అది ఎక్కడుందో ఊహించవచ్చు. రాగి పైపులు, డ్రెయిన్ పైపు సాధారణంగా ఒకే మూల దగ్గర నుంచి బయటికి వస్తాయి. పంపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. పలక నాలుగు మూలలకూ ఊడొచ్చే చిన్న మూతలుంటాయి, వాటి వెనకే వేలాడదీసిన రాడ్లు. మధ్య జాలీ దించితే ఫిల్టరు, దాని వెనక గుండ్రటి ఫ్యాను, ఫ్యాను చుట్టూ చదరంగా వంచిన కాయిల్, అడుగున థర్మకోల్ ట్రే. స్ప్లిట్ కాయిల్‌కూ దీనికీ పోలికే లేదు. కుర్రాడు ఈ ఫొటో చూసి "ఇది బావిలోకి తొంగి చూసినట్టుంది అన్నా" అన్నాడు. ఫైలులో కూడా అదే రాశాం.

ఏప్రిల్ 21

స్ప్లిట్ ఇండోర్. ఎక్కువ ఫొటోలున్నా తక్కువ సమయం పట్టింది, అందరికీ తెలిసిన మొహమే కాబట్టి. ముందు మూత ఎత్తితే రెండు ఫిల్టర్లు, వాటి వెనక రెండు మూడు మడతలుగా వంగిన కాయిల్, దాని లోపల పొడుగాటి రోలరు లాంటి బ్లోయర్. మన ఎదురుగా చూసినప్పుడు కుడి చివర ఎక్కువగా బోర్డు, మోటారు ఉంటాయి. కాయిల్ రేకులకు క్లిప్పుతో పెట్టినది గది సెన్సరు, రాగి గొట్టంలో గుచ్చినది కాయిల్ సెన్సరు. రెండూ నల్లటి సన్న వైర్లే. ఎక్కడ పెట్టారో చూసి చెప్పాలి, వైరు చూసి చెప్పలేం.

చెల్లికి ఒకటే పని ఇచ్చాను. రెక్క కిందినుంచి టార్చి వేసి ఫొటో తీయమని కస్టమర్‌ను అడగాలి. అందులో బ్లోయర్ పళ్లు కనపడతాయి. పళ్ల మధ్య ఖాళీలు నల్లగా దుమ్ము పట్టి పూడిపోయి ఉంటే పైపైన ఫిల్టరు కడిగితే సరిపోదు, జెట్ పంపు తీసుకెళ్లాల్సిందే. ఏసీ ఆపి, మెయిన్ స్విచ్ కూడా ఆపాకే ఆ ఫొటో తీయమనాలి, ఈ మాట ఎర్ర అక్షరాల్లో రాశాం.

ఎంత టన్నో పొడవు చూసి చెప్పొచ్చా అని ఒక పూట పెట్టి వదిలేశాను. ఒక టన్ను 80 సెంటీమీటర్ల దగ్గర, ఒకటిన్నర 90 పైన అని అనుకోవచ్చు కానీ ఒక కంపెనీ ఒకటిన్నరా ఇంకో కంపెనీ ఒకటీ ఒకే పొడవున్నవి మా ఫొటోల్లోనే నాలుగు దొరికాయి. పైగా ఫోను వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే అంచులు సాగి పెద్దగా కనపడుతుంది. టన్ను కావాలంటే నేమ్‌ప్లేట్ ఫొటో అడగడమే మంచిది. మోడల్ నంబరులో 12, 18, 24 కనపడితే వరసగా ఒకటి, ఒకటిన్నర, రెండు టన్నులు, ఎందుకంటే టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ. కొన్ని కంపెనీలు కిలోవాట్లలో రాస్తాయి, అప్పుడు 35 అంటే ఒక టన్ను, 50 అంటే ఒకటిన్నర. ఇక్కడా ఒక గుంట ఉంది. 18 అనేది కొన్నిసార్లు తయారైన ఏడాది. అందుకే మోడల్ నంబరు ఒక్కటే కాకుండా కింద రాసిన సామర్థ్యం కూడా కనపడేలా ఫొటో అడగాలి.

ఏప్రిల్ 24

ఔట్‌డోర్ పేజీలకు మూడు రోజులు పట్టింది. ఫైలు మొత్తంలో ఇదే అసలు సరుకు అనుకుంటున్నాను.

ముందొక చేదు నిజం. ఔట్‌డోర్ ఫొటో చూసి లోపల ఉన్నది గోడ స్ప్లిటా, క్యాసెట్టా, డక్టబులా అన్నది చెప్పలేం. మూడింటికీ ఔట్‌డోర్ ఉంటుంది, మూడూ ఒకేలా ఉంటాయి. పైన కింద రెండు ఫ్యాన్లుంటే పెద్ద మిషన్ అని తెలుస్తుంది, అంతే. ఎవరైనా ఔట్‌డోర్ ఒక్కటే పంపితే రకం గడిలో "తెలియదు" అని రాయాలి. మా చెల్లికి ఆ మాట రాయడం నచ్చలేదు. ఖాళీ వదిలితే తప్పు చేసినట్టుంటుందట. తప్పు రాయడం కన్నా నయం అని ఒప్పించడానికి క్లినిక్ ట్రిప్పు మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది.

మూత తీసిన ఫొటోల్లో ఎడమ పక్క ఫ్యాను, కుడి పక్క అడ్డుగోడ వెనక కంప్రెసర్, వెనకా ఒక పక్కా వంగిన కాయిల్, కుడి కింద మూలన రెండు వాల్వులు. సన్న పైపు వాల్వు, లావు పైపు వాల్వు. ఒకటిన్నర టన్నుల మామూలు స్ప్లిట్‌కు సన్నది పావు అంగుళం, లావుది తరచుగా అర అంగుళం. నురుగు గొట్టం తొడిగింది ఏ పైపుకో చూడకండి, చాలాచోట్ల రెంటికీ తొడుగుతారు. మందమే గుర్తు.

ఇన్వర్టరా కాదా అన్నది కుర్రాడు ఇక్కడే తడబడ్డాడు. పైమూత తీసిన రెండు ఫొటోలు ఇచ్చాను. ఒకదాంట్లో వెండి రంగు డబ్బాలాంటి కెపాసిటర్, దాని నెత్తిన మూడు చోట్ల పిన్నులు, వాటి పక్కన సీ, హెర్మ్, ఫ్యాన్ అని అచ్చు. రెండోదాంట్లో పెద్ద సర్క్యూట్ బోర్డు, దాని వెనక అల్యూమినియం రేకుల దిమ్మ, బోర్డు మీద మూడు నాలుగు నల్లటి లావు గొట్టాలు. రెంటికీ "కెపాసిటర్ ఉంది, నాన్ ఇన్వర్టర్" అన్నాడు. మాట తప్పు కాదు, ఆ నల్ల గొట్టాలూ కెపాసిటర్లే. కానీ వెండి డబ్బా కంప్రెసర్‌ను స్టార్ట్ చేసి నడిపేది, పొంగితే చిన్న సామానులా మార్చేసేది. నల్ల గొట్టాలు ఇన్వర్టర్ బోర్డులో భాగం. 230 వోల్టుల కరెంటు డీసీగా మారాక 320 వోల్టుల పైన వాటిలో నిలుస్తుంది, మెయిన్ ఆపాక కూడా కాసేపు ఉంటుంది. బోర్డు, రేకుల దిమ్మ కనపడితే ఇన్వర్టర్, చెయ్యి పెట్టకుండా ఆగి, మీటరుతో చూశాకే ముట్టుకోవాలి. కస్టమర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూత తీసి ఫొటో పంపమని అడగం. ఈ పేజీ మా ఇద్దరికే.

ఏప్రిల్ 29

ఫైలు ఇంకా ప్రింటుకు పోలేదు, అయినా ఇవాళ పనికొచ్చింది. పట్టాభిపురం నుంచి ఒకాయన "ఏసీ నడుస్తోంది, చల్లదనం లేదు" అని మూడు ఫొటోలు పంపాడు. చెల్లి నా సాయం లేకుండా చదివింది. నేను పక్కనే కూర్చుని రాసుకున్నాను.

మొదటి ఫొటో. చుట్టూ గోడ, పైన ఖాళీ, కుడి పక్క నుంచి టేపు చుట్టిన పైపులు. గోడ స్ప్లిట్. రెండోది నేమ్‌ప్లేట్. మోడల్ నంబరులో 50, కింద సామర్థ్యం దగ్గర కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ఉంది. అంటే వేగం మారేది, ఇన్వర్టర్, ఒకటిన్నర టన్ను. గ్యాస్ గడిలో ఆర్ 32. మూడోది ఔట్‌డోర్ వాల్వుల దగ్గర. సన్న పైపు వాల్వు మీద తెల్లగా ఉంది.

"మంచు పట్టింది" అంది. "నిజంగా మంచేనా?" అన్నాను. ఎందుకంటే క్రితం వారం కుర్రాడు తుప్పు పట్టిన వాల్వు మీద తెల్ల పొడిని చూసి మంచన్నాడు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. ఏం చెయ్యాలో ఆమే కనిపెట్టింది. ఏసీ ఆపి పది నిమిషాలాగి అదే చోట మళ్లీ ఫొటో తీయమంది. రెండో ఫొటోలో తెలుపు పోయి వాల్వు తడిగా ఉంది, కింద నీటి చుక్క. మంచే. తుప్పయితే కదిలేది కాదు. ఈ ఆలోచన నాది కాదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మంచు కరిగిన ఫొటోలో ఇంకోటి కనపడింది. నట్టు కింద దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. మిగతా పైపు మీద దుమ్ము పొడిగా బూడిద రంగులో ఉంటే అక్కడ మాత్రం నూనె పీల్చినట్టుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కొంచెం తిరుగుతూ ఉంటుంది. గ్యాస్ లీకైన చోట ఆ నూనె బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటుంది.

సన్న పైపు మీద మంచు ఎందుకంటే, ఈ స్ప్లిట్లలో గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం ఔట్‌డోర్‌లోనే ఉంటుంది. కాబట్టి సన్న పైపులో పోయేది అప్పటికే చల్లబడిన గ్యాసు. గ్యాస్ తగ్గితే అక్కడ ఒత్తిడి ఇంకా పడిపోతుంది, ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది, గాలిలో తేమ మంచుగా పేరుకుంటుంది. కానీ ఇదొక్కటే కారణం కాదు. గ్యాస్ పోయే దారి లోపల సగం మూసుకుపోయినా ఇలాగే మంచు పడుతుంది. ఫొటో ఆ రెంటినీ విడదీయలేదు, గేజీ పెట్టాలి. నూనె మరక ఉంది కాబట్టి లీకు వైపు మొగ్గాం.

కుర్రాడు నైట్రోజన్ సిలిండరు, వాక్యూమ్ పంపు, తూకం మిషను, ఆర్ 32 బాటిలు, పైపు మూతిని గరాటులా వెడల్పు చేసే ఫ్లేరింగ్ సామాను ఒకే ట్రిప్పులో తీసుకెళ్లాడు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నీళ్లు వేస్తే ఆ నట్టు దగ్గరే బుడగలు. పైపు మూతి కోసి కొత్త ఫ్లేర్ చేసి బిగించి, మళ్లీ సబ్బు నీళ్లు, వాక్యూమ్, ఆ తర్వాత నేమ్‌ప్లేట్‌లో రాసినంత గ్యాస్ తూకం వేసి ఎక్కించాడు. ఆర్ 32కి కొద్దిగా మంటపట్టే గుణం ఉంది కాబట్టి బ్రేజింగ్ టార్చి సంచిలోంచి తియ్యలేదు, అవసరం కూడా పడలేదు.

మే 4

పరీక్ష. ఇద్దరికీ విడివిడిగా నలభై ఫొటోలు, అందులో పన్నెండు ఆ మసక కవరులోవి. రకం చెప్పడంలో చెల్లి 36, కుర్రాడు 34. భాగం చెప్పడంలో కుర్రాడు ముందున్నాడు, 31. చెల్లి 25.

మార్కుల కన్నా తప్పులు పనికొచ్చాయి. ఇద్దరూ తప్పిన ఫొటో ఒకటుంది. సీలింగులో పొడుగాటి గాలి జాలీ. చెల్లి ఒకవైపు క్యాసెట్ అంది, కుర్రాడు అదే అన్నాడు. అది డక్టబుల్ ఏసీ గాలి బయటికొచ్చే జాలీ. మిషన్ ఆ సీలింగు పైనో, పక్క గదిలోనో దాక్కుని ఉంటుంది. తేడా ఏమిటంటే క్యాసెట్ పలక మీద మోటారుతో ఊగే రెక్క, చిన్న లైటు, రిమోట్ అందుకునే నల్ల అద్దం ఉంటాయి. డక్టబుల్ జాలీ మీద ఏమీ ఉండవు, వట్టి రేకులే, రిమోట్ గోడకు వేరే పెట్టి ఉంటుంది. గాలి పీల్చే జాలీ గదిలో ఇంకో చోట వేరుగా ఉంటుంది. "సీలింగులో ఉంటే లైటు వెతుకు" అని ఫైలులో కొత్త వాక్యం చేరింది. 

మిగతావన్నీ దగ్గరగా తీసిన ఫొటోలతో వచ్చిన తప్పులే. కస్టమర్ కారుతున్న చోటునే తీసి పంపుతాడు, చుట్టూ గోడో సీలింగో కనపడదు, మన మొదటి ప్రశ్నకే జవాబుండదు. దీనికి ఫైలు ఏం చేసినా లాభం లేదు. అందుకే చెల్లి వాట్సాప్‌లో పంపే మెసేజ్ మార్చాం. "నాలుగడుగులు వెనక్కి వచ్చి, సీలింగు కూడా పడేలా ఒక ఫొటో. నీళ్లు కారే చోట ఒకటి. పక్కనున్న స్టిక్కరు ఒకటి." స్టిక్కరు ఎక్కడ వెతకాలో కూడా చెప్పాలి. స్ప్లిట్‌కు పక్కనో అడుగునో, ఔట్‌డోర్‌కు వాల్వులున్న వైపు, విండోకు చాలాసార్లు ముందు జాలీ తీశాక.

మే 10

ప్రింటు తీసి లామినేషన్ చేయించాం, 28 పేజీలు. మొదటి పేజీలో మూడు ప్రశ్నలు, చివరి పేజీలో పొరపడే జంటలు పక్కపక్కన: స్ప్లిట్ – ఎయిర్ కర్టెన్, విండో వీపు – ఔట్‌డోర్, ఒకవైపు క్యాసెట్ – డక్టబుల్ జాలీ, మంచు – తెల్ల తుప్పు. చెల్లి ఎక్కువగా తిప్పేది ఆ చివరి పేజీనే, దాన్ని ముందుకు తేవాలి.

క్యాసెట్ డ్రెయిన్ పంపుకు ఇంతవరకు మంచి ఫొటో లేదు. ఉన్న రెంటిలోనూ కుర్రాడి మోచెయ్యే ఎక్కువ కనపడుతోంది. ఈ వారం ఒక బ్యాంకులో క్యాసెట్ సర్వీసింగ్ ఉంది, అక్కడ ట్రే దించినప్పుడు తీయాలి. టవర్ ఏసీకి మూడే ఫొటోలు, వేడిగాలిని గొట్టంతో బయటికి పంపే పోర్టబుల్‌కు ఒక్కటీ లేదు. ఆ పేజీలు ఖాళీగానే లామినేషన్ చేయించాను, ఫొటో దొరికితే పైన అంటించొచ్చు.